లోన్ యాప్‌కి ఆర్‌బీఐ రిజిస్ట్రేషన్ ఉండదు, చూడాల్సింది వెనకున్న కంపెనీని

కొండపి, కందుకూరు వైపు పొగాకు వేసేవాళ్ళకి వేలం మొదలయ్యేదాకా చేతిలో డబ్బులాడదు, కూలీలకి ఇవ్వాలి, ఆకు ఆరబెట్టే బ్యారన్‌కి కట్టెలు కొనాలి, బ్యాంకులో అడిగితే పాత అప్పు కట్టమంటారు. సరిగ్గా అప్పుడే వాట్సాప్‌లో మెసేజ్ వస్తది, "ఆర్‌బీఐ రిజిస్టర్డ్ యాప్, పది నిమిషాల్లో 60,000" అని. కింద ఒక లింకు, ఒక సర్టిఫికెట్ ఫోటో. ఆధార్, పాన్, సెల్ఫీ, ఆరు నెలల స్టేట్‌మెంట్ పెట్టమంటారు.

ఇక్కడ మొదటి అబద్ధం ఆ మాటలోనే ఉంది. ఆర్‌బీఐ యాప్‌లకి రిజిస్ట్రేషన్ ఇవ్వదు. అప్పిచ్చేది బ్యాంకు గానీ, ఎన్‌బీఎఫ్‌సీ అనే ఫైనాన్స్ కంపెనీ గానీ అయ్యుండాలి, రిజిస్ట్రేషన్ ఉండేది ఆ కంపెనీకి, యాప్ చాలాసార్లు దాని తరఫున కస్టమర్లని తెచ్చే ఏజెంటు అంతే. అందుకే యాప్ పేరు పట్టుకుని వెతికితే సగం పనే అయినట్టు, కంపెనీ పేరు పట్టుకుని వెతికినా సగమే, ఆ రెండింటికీ నిజంగా సంబంధం ఉందా అనేది తేలాలి.

ఇలాంటి మెసేజ్ వచ్చిన ఒక రైతు కేసే తీసుకోండి. సర్టిఫికెట్‌లో ఒక ఫైనాన్స్ కంపెనీ పేరుంది, rbi.org.in లో ఎన్‌బీఎఫ్‌సీల లిస్టు తీసి చూస్తే ఆ పేరు నిజంగానే ఉంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఆధార్ అప్‌లోడ్ చేసేస్తారు. మోసం చేసేవాడికి కూడా ఆ లిస్టు అందుబాటులోనే ఉంది కదండీ, అందులోంచి ఒక అసలు కంపెనీ పేరు ఏరుకుని వాడుకోవడం వాడికి చిటికెలో పని. కొందరైతే కంపెనీ ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్టో జీఎస్టీ నంబరో చూపిస్తారు, వాటికీ అప్పిచ్చే లైసెన్సుకీ అసలు సంబంధమే లేదు.

కాబట్టి తర్వాతి మెట్టు ముఖ్యం. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కకుండా, ఆ ఎన్‌బీఎఫ్‌సీ సొంత వెబ్‌సైట్ విడిగా వెతికి తెరవాలి. తమ తరఫున పనిచేసే యాప్‌ల పేర్లు, ఏజెంట్ల పేర్లు అక్కడ పెట్టాలని ఆర్‌బీఐ రూలుంది. 2025 జులై నుంచి ఆర్‌బీఐ కూడా తన సైట్‌లో లోన్ యాప్‌ల డైరెక్టరీ పెట్టింది, ఏ యాప్ ఏ కంపెనీదో అందులో ఉంటుంది. రెండు చోట్లా యాప్ పేరు అక్షరం అక్షరం సరిపోవాలి, చివర ఒక చిన్న తోక మారినా అది వేరే యాప్ కింద లెక్క. ఇంకా డౌటుంటే కంపెనీ సైట్‌లో ఉన్న, ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ నంబరుకి ఫోన్ చేసి "ఈ యాప్ మీదేనా" అని అడగాలి, మెసేజ్‌లో ఉన్న నంబరుకి చేస్తే ఎత్తేది మళ్ళీ వాడే. మన రైతు కేసులో కంపెనీ సైట్‌లో యాప్ పేరు లేదు, డైరెక్టరీలోనూ లేదు, ఇంక ఆధార్ ఇచ్చే ప్రశ్నే లేదు.

ఆ డైరెక్టరీకి ఒక పరిమితి ఉంది, అది చెప్పకపోతే తప్పు. అందులో వివరాలు నింపేది అప్పిచ్చే కంపెనీలే, ఆర్‌బీఐ ఒక్కొక్కటీ చెక్ చేసి పెట్టేది కాదు. యాప్ అందులో ఉందంటే ఫలానా కంపెనీ అది తనదని ఒప్పుకుందని అర్థం, వడ్డీ న్యాయంగా ఉంటుందని మాత్రం కాదు. పైగా ఎన్‌బీఎఫ్‌సీల లైసెన్సులు రద్దవుతుంటాయి, రద్దయినవాటి లిస్టు వేరే ఉంటుంది, అదీ ఒకసారి చూడాలి.

పేపర్లు అడగడానికి ముందో వెనకో ఇంకో గుర్తు కనపడుతుంది, "ప్రాసెసింగ్ ఫీజు 1,850 ఈ యూపీఐకి కొట్టండి" అంటారు, తీరా చూస్తే అది ఎవరో మనిషి పేరు మీద ఉంటుంది. ఏజెంటు ఫీజు కంపెనీయే ఇచ్చుకోవాలి, ఏజెంటు మన దగ్గర నేరుగా వసూలు చేయకూడదని రూలు. అలాగే కాంటాక్టులు, గ్యాలరీ పర్మిషన్ అడిగే యాప్ రూలు దాటినట్టే, వాటి జోలికి పోకూడదని ఆర్‌బీఐ స్పష్టంగా చెప్పింది.

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, ఇంత వెతుకులాట పొలంలో ఉన్న మనిషి నెత్తిన పెట్టాం. ఇంగ్లీషు పేర్లతో పొడవాటి లిస్టు సైట్‌లో పెట్టేసి మీరే చూసుకోండి అంటే ఎంతమంది చూడగలరు? ఊళ్ళల్లో సచివాలయం ఉంది, కంప్యూటర్ ఉంది, డిజిటల్ అసిస్టెంట్ ఉన్నారు, యాప్ పేరు చెప్తే అక్కడికక్కడే ఎన్‌బీఎఫ్‌సీల లిస్టూ, యాప్‌ల డైరెక్టరీ చూసి చెప్పే పని వాళ్ళకి అప్పగించొచ్చు. వేలం కేంద్రాల దగ్గర కూడా ఇది పెట్టాలి, అప్పులు వెతుక్కునేది ఎక్కువగా ఆ రైతులే కాబట్టి.

ఇప్పటికే పేపర్లు ఇచ్చేసినవాళ్ళు సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేసి చెప్పండి, sachet.rbi.org.in లో కంప్లయింట్ పెట్టండి. మన అప్పుల లెక్క ఉంచే సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోలు క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఫ్రీగా ఇస్తాయి, అది తీసి మీ పాన్ మీద మీకు తెలియని అప్పు ఏదన్నా ఎక్కిందేమో చూసుకోండి, ఎక్కితే ఆ కంపెనీకీ, రిపోర్టు ఇచ్చిన బ్యూరోకీ రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి.