ఎరుపంటే 0 నుంచి 10 కాదు: మిర్చి కల్లంలో తేలిన లెక్క

"వెలుతురుతో టెన్షన్ వద్దు. ఫ్రేమ్‌ని హెచ్‌ఎస్‌విలోకి మార్చితే నీడైనా ఎండైనా రంగు నంబర్ మారదు. రంగంతా హ్యూలోనే ఉంటుంది కాబట్టి సాచురేషన్, వాల్యూ రెండూ 0 నుంచి 255 వరకు వదిలేయండి. కలర్ పిక్కర్‌లో నంబర్ చూసి inRange లో పెట్టండి, ఎరుపంటే 0 నుంచి 10. ఒక ఫ్రేమ్‌లో పనిచేస్తే వీడియో మొత్తం పనిచేస్తుంది."

కంప్యూటర్‌తో ఫొటోలు, వీడియోలు చదివించే ఓపెన్‌సివి లైబ్రరీ నేర్చుకునే పిల్లల గ్రూపుల్లో చేతులు మారుతున్న మెసేజ్ ఇది. హెచ్‌ఎస్‌వి అంటే ప్రతి పిక్సెల్‌నూ మూడు అంకెల్లో చెప్పడం: హ్యూ అంటే ఏ రంగు, సాచురేషన్ అంటే ఆ రంగు ఎంత గాఢం, వాల్యూ అంటే ఎంత వెలుగు. మనం ఇచ్చిన హద్దుల్లో ఉన్న పిక్సెళ్లను inRange తెల్లగా, మిగతావాటిని నల్లగా చూపిస్తుంది, ఆ బొమ్మే మాస్క్. నేనూ నమ్మాను. గద్వాల దగ్గర మా మేనమామ మిర్చి కల్లంలో స్టాండుకు వెబ్‌క్యామ్ కట్టి, నీలం టార్పాలిన్ మీద పరిచిన ఎండు మిర్చిలో తాలు ఎంతుందో తేల్చబోయాను. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ. అది ఎక్కువ కనిపిస్తే బేరంలో ధర కోస్తారు. "అల్లుడా, తాలు కంటికే కనబడుతది గదా, దీనికి కంప్యూటర్ ఎందుకు?" అన్నాడు మామ. మొదటి రోజు నా స్క్రీన్ చూస్తే ఆయన మాటే నెగ్గింది.

మెసేజ్‌లో మొదటి మాట సగం నిజం. ఒక మంచి ఎర్ర కాయ పిక్సెల్ తీసుకుందాం: ఎరుపు 150, ఆకుపచ్చ 30, నీలం 42. మూడింట్లో పెద్దది 150, అదే వాల్యూ. పెద్దదానికీ చిన్నదానికీ తేడా 120. ఎరుపు పెద్దదైనప్పుడు హ్యూ అంటే ఆకుపచ్చలోంచి నీలం తీసేసి, ఆ తేడాతో భాగించి, 60తో గుణించడం. ఇక్కడ మైనస్ 6 డిగ్రీలు వస్తుంది, హ్యూ 360 డిగ్రీల చక్రం కాబట్టి అది 354. ఓపెన్‌సివి దాన్ని సగం చేసి 177గా రాసుకుంటుంది. ఇప్పుడు వెలుతురు సగానికి పడి మూడూ 75, 15, 21 అయ్యాయనుకోండి. హ్యూ మళ్లీ 177. సాచురేషన్ అంటే ఆ తేడాను పెద్దదానితో భాగించి 255తో గుణించడం, అది కూడా అప్పుడూ ఇప్పుడూ 204. వాల్యూ ఒక్కటే తగ్గింది. పుస్తకంలో ఇంతవరకే చెబుతారు.

కల్లంలో మాత్రం నీడ అలా పడదు. ఎండ తగలని చోట కాయ మీద పడేది ఆకాశపు వెలుతురు, అది నీలం. కాబట్టి మూడూ సమానంగా తగ్గవు, నీలం తక్కువ తగ్గుతుంది. అదే కాయ నీడలో 60, 16, 28 అయిందంటే హ్యూ 172కి జారుతుంది. తర్వాత ఒకసారి నేను హ్యూ కింది హద్దు 174 పెట్టుకున్నాను, చింతచెట్టు నీడ కల్లం మీదికి రాగానే ఆ భాగంలో మిర్చి మాయమైంది.

సాచురేషన్, వాల్యూ వదిలేయమనడం ఈ మెసేజ్‌లో అన్నిటికన్నా చెడ్డ సలహా. కొంచెం ఓపిగ్గా చూడాలి.

సిమెంటు గచ్చు తీసుకోండి, మూడు అంకెలూ 140. పెద్దదానికీ చిన్నదానికీ తేడా సున్నా. సున్నాతో భాగించలేం కాబట్టి అలాంటి పిక్సెల్‌కు ఓపెన్‌సివి హ్యూ 0 ఇచ్చేస్తుంది. 0 అంటే ఎరుపే కదా. సాచురేషన్‌ను 0 నుంచి వదిలేస్తే అచ్చమైన బూడిద రంగు, తెలుపు, నలుపు అన్నీ ఎర్రవాటి లెక్కలోకి వచ్చేస్తాయి. నా మొదటి మాస్క్‌లో కల్లం అంచున ఉన్న గచ్చు మిర్చికంటే ఎక్కువ మెరిసింది, కారణం ఇదే.

చీకటి సంగతి ఇంకో రకం. కాయల మధ్య సందులో ఒక పిక్సెల్ 12, 9, 10 ఉందనుకోండి. హ్యూ 170. కెమెరా సెన్సర్‌లో ఎప్పుడూ కాస్త గలాటా ఉంటుంది, తర్వాతి ఫ్రేమ్‌లో అదే చోట 12, 10, 9 రావచ్చు. హ్యూ 10. ఆ తర్వాత 11, 12, 9 వస్తే హ్యూ 40, అది పసుపూ ఆకుపచ్చా కలిసిన చోటు. కాయ కదల్లేదు, అంకెలు ఒకటి రెండు కదిలాయి, హ్యూ మాత్రం చక్రంలో ఊరంతా తిరిగొచ్చింది. మాస్క్‌లో చుక్కలు మినుకుమినుకుమంటే నూటికి తొంభై పాళ్లు ఇదే అనుకోండి.

సాచురేషన్‌కు కింది హద్దు పెడితే ఇవి పోతాయి కదా అని నేనూ అనుకున్నాను. 12, 9, 10 పిక్సెల్ సాచురేషన్ లెక్క కట్టండి: 12లో 3, అంటే 255కి 64. ఎండకు మెరుస్తున్న కాయ వీపు చూడండి: 255, 190, 196. దాని సాచురేషన్ 65. రెండూ దాదాపు ఒకటే. కానీ మొదటిదాని హ్యూ మూడంటే మూడు అంకెల తేడా మీద నిలబడింది, రెండోదాని హ్యూ 65 అంకెల తేడా మీద నిలబడి 177 దగ్గరే గట్టిగా ఉంది. హ్యూను నమ్మాలా వద్దా అన్నది ఆ తేడాను బట్టి ఉంటుంది, సాచురేషన్ ఒక్కదాన్ని బట్టి కాదు. అందుకే వాల్యూకు కూడా కింది హద్దు ఉండి తీరాలి.

పైగా తాలుకూ ఎర్ర కాయకూ మధ్య ముందుగా గీత గీసేది సాచురేషనే. నేను చూసిన ఒక తాలు కాయ 205, 190, 165: హ్యూ 19, సాచురేషన్ 50. మంచి కాయ సాచురేషన్ 204. అంత తేడా కళ్ల ముందుంటే దాన్ని వదిలేయమంటున్నారు. హ్యూ పనికొచ్చేది ఆ తర్వాత: ఎండకు మెరిసే ఎర్ర కాయ సాచురేషన్ తాలు దగ్గరికే పడిపోతుంది కాబట్టి, రెండింటినీ విడదీయడానికి 177, 19 కావాలి.

కలర్ పిక్కర్ గురించి ఎక్కువ చెప్పను. మామూలుగా పిక్కర్లు హ్యూను 360 డిగ్రీల్లో, మిగతా రెంటినీ శాతాల్లో చూపిస్తాయి. ఓపెన్‌సివి మామూలు ఎనిమిది బిట్ల ఫ్రేమ్‌లో హ్యూ 0 నుంచి 179, మిగతావి 0 నుంచి 255. పిక్కర్‌లో ఆకుపచ్చ 120 అని చూసి అలాగే పెడితే మీకు దొరికేది నీలం. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో మీద పిక్కర్ పెట్టడం ఇంకా దండగ, ఆ ఫొటో రంగులు మీ కెమెరావి కావు.

ఇక ఎరుపు. హ్యూ ఒక చక్రం, ఎరుపు సరిగ్గా దాని అతుకు మీద కూర్చుంది. కొంత 0 పైన, కొంత 179 కింద. టమాటలాంటి నారింజ వైపు ఎరుపు 0 నుంచి 10లో దొరుకుతుందేమో గానీ, మా మామ మిర్చి అంతా 179 వైపుంది. inRange (170, ...) నుంచి (10, ...) అని తిప్పి రాస్తే కుదరదు, కింది హద్దు పై హద్దుకంటే పెద్దదైతే మాస్క్ మొత్తం నల్లగా వస్తుంది. ఎర్రర్ కూడా ఇవ్వదు, అదొక తలనొప్పి. రెండు ముక్కలుగా తీసి కలపాలి:

```python
hsv = cv2.cvtColor(frame, cv2.COLOR_BGR2HSV)
m1 = cv2.inRange(hsv, (0, 60, 50), (8, 255, 255))
m2 = cv2.inRange(hsv, (168, 60, 50), (179, 255, 255))
erupu = cv2.bitwise_or(m1, m2)
```

ఒక ఫ్రేమ్‌లో పనిచేసింది వీడియో మొత్తం ఎందుకు పనిచేయదో చూడాలంటే వెబ్‌క్యామ్ ముందు దోసెడు మిర్చి పట్టుకోండి. ఫ్రేమ్ నిండా ఎరుపే ఉంటే ఆటో వైట్ బ్యాలెన్స్ వెలుతురే ఎర్రగా ఉందనుకుని ఎరుపును తగ్గించి నీలాన్ని పెంచుతుంది. కూలీలు టార్పాలిన్ మీద మిర్చి పోసేకొద్దీ, అదే కాయ హ్యూ రెండు మూడు సెకన్లలో మెల్లగా జారడం నేను ప్రింట్ చేసి చూశాను. ఆటో ఎక్స్‌పోజర్‌దీ ఇదే వరస, తెల్ల చొక్కా మనిషి ఫ్రేమ్‌లోకి వస్తే చాలు, వాల్యూలన్నీ పడిపోతాయి. కాబట్టి రెండూ ఆపాలి. CAP_PROP_AUTO_WB ను 0 చేయండి. CAP_PROP_AUTO_EXPOSURE కు ఏ అంకె ఇవ్వాలన్నది డ్రైవర్‌ను బట్టి మారుతుంది, లైనక్స్‌లో కెమెరాలను నడిపే వి4ఎల్2 కింద 1 అంటే మాన్యువల్. cap.set ట్రూ అన్నంత మాత్రాన నమ్మొద్దు. కెమెరా కింద ఒక తెల్ల కాగితం పెట్టి, పక్కన ఎర్ర గుడ్డ తెచ్చినప్పుడు కాగితం అంకెలు కదులుతున్నాయేమో చూడండి. కదిలితే ఆటో ఇంకా నడుస్తున్నట్టే.

రికార్డు చేసిన వీడియోలో ఇంకో చిక్కు ఉంది. మామూలు వీడియోల్లో వెలుగు ప్రతి పిక్సెల్‌కూ విడిగా ఉంటుంది గానీ, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒకటే. ఎర్ర కాయ నీలం టార్పాలిన్‌ను తాకే అంచులో ఆ రెండూ కలిసిపోతాయి. సగం సగం కలిస్తే 90, 55, 106, అంటే హ్యూ 141, ఊదా రంగు. అంచులు చిరిగినట్టు కనిపిస్తున్నాయని కింది హద్దును 168 నుంచి 140కి దించితే కాయలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అంచు పోతే పోనివ్వాలి.

చివరికి హద్దులు తీసిన తీరు ఇది. పొద్దున, మిట్టమధ్యాహ్నం, నాలుగింటికి మూడేసి ఫ్రేములు ఆపి, ఒక్కోదానిలో మంచి కాయల మీద, తాలు మీద, టార్పాలిన్ మీద చేత్తో డబ్బాలు గీశాను. ఒక్కో రకం పిక్సెళ్లన్నీ కలిపి, అటు ఇటు రెండేసి శాతం వదిలేసి మిగిలిన హద్దులు చూసుకున్నాను. ఎరుపు అతుకు మీద ఉంది కాబట్టి హ్యూను ముందు అర చక్రం జరపాలి, లేకపోతే 2, 177 కలిసి సగటు 90 దగ్గర, అంటే ఆకుపచ్చకూ నీలానికీ మధ్య తేలుతుంది:

```python
h = (hsv[:, :, 0].astype(int) + 90) % 180
```

ఇప్పుడు 177 వెళ్లి 87 అవుతుంది, 2 వెళ్లి 92 అవుతుంది, పక్కపక్కనే. హద్దు దొరికాక 90 తీసేసి, మైనస్ వస్తే 180 కలుపుకోవాలి. హద్దులు తీయడానికి వాడని ఫ్రేముల మీదే పరీక్షించాను, వాడినవాటి మీద ఎలాగూ బాగానే వస్తుంది.

తాలు మాస్క్‌లో తొడిమలు కూడా వచ్చి పడ్డాయి, ఎండిన తొడిమ రంగు తాలుకు దగ్గరే. అవి సన్నవి కాబట్టి తొడిమ కంటే వెడల్పు కెర్నెల్‌తో cv2.MORPH_OPEN నడిపితే చాలావరకు పోయాయి. ఆ తర్వాత తాలు పిక్సెళ్లను ఎరుపూ తాలూ కలిపిన మొత్తంతో భాగించాను. అది పైకి కనిపించే పొర లెక్కే, కాయల బరువు కాదు, అడుగున ఏముందో దానికి తెలియదు.

బూజు పట్టి నల్లబడిన కాయలు మాత్రం తేలలేదు. వాటి వాల్యూ 50 కంటే కింద, సందుల్లో ఉన్న చీకటితో సమానం. హద్దు దించితే సందులన్నీ బూజు కాయలవుతాయి, దించకపోతే అవి కనబడవు. వాటిని ఏరే పని మామకే వదిలేశాను.