సీసా మీద మైలుతుత్తం అని ఎందుకు రాయకూడదు?

మైలుతుత్తం, సున్నం నీళ్లలో కలిపి పంట తెగుళ్లకు బోర్డో మిశ్రమం తయారుచేసే రైతు ఆ మందు కొట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేస్తాడు. శుభ్రంగా రుద్దిన ఇనప కత్తిని ఆ నీలి ద్రవంలో కాసేపు ముంచి తీస్తాడు. కత్తి మీద ఎర్రటి పూత కనిపిస్తే మైలుతుత్తం మోతాదు ఎక్కువైందన్నమాట. ఇంకొంచెం సున్నపు నీళ్లు పోసి కలిపి, మళ్లీ ముంచి చూస్తాడు. పూత పడకపోతే మిశ్రమం సిద్ధమైనట్టు.

పదో తరగతి ప్రాక్టికల్‌లో ఇదే చర్యను ఇనప మేకుతో చేయిస్తారు. దాని పేరు స్థానభ్రంశ చర్య. గరుకు కాగితంతో రుద్దిన మేకును కాపర్ సల్ఫేట్ ద్రావణంలో, అంటే మైలుతుత్తం కలిపిన నీళ్లలో, వేలాడదీస్తారు. అరగంటకు మేకు మీద గోధుమరంగు పూత పడుతుంది, ద్రావణంలో నీలం పలచబడి లేత ఆకుపచ్చ ఛాయ తిరుగుతుంది. కత్తితో రైతు చేసే పరీక్షను చిన్నప్పటి నుంచీ చూస్తున్న పిల్లవాడికి ఇది కొత్త సంగతి కాదు. కానీ సీసా మీద ఉన్న పేరుకీ, పొలం గట్టున విన్న పేరుకీ సంబంధం ఉందని వాడికి ఎవరూ చెప్పరు.

ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాక సైన్సు పదాల గొడవ తీరిపోయిందని చాలామంది అనుకుంటున్నారు. తీరలేదు. ఏది అనువదించాలి, ఏది ఉన్నది ఉన్నట్టు ఉంచాలి అన్న ప్రశ్నకు మన దగ్గర ఇప్పటికీ పద్ధతంటూ లేదు. అనువదించకూడని వాటిని అనువదించాం, నోట్లో ఉన్న పేర్లను వదిలేశాం. ఇదే నా ఫిర్యాదు.

ముందు మూలకాల సంగతి. ఆక్సిజన్‌కు మనం ఆమ్లజని అని పేరు పెట్టుకున్నాం. అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆక్సిజన్ అన్న మాటకు గ్రీకు మూలంలో ఉన్న అర్థం అచ్చంగా అదే కాబట్టి అనువాదంలో తప్పేమీ లేదు. తప్పున్నది మూలంలో. ప్రతి ఆమ్లంలోనూ ఈ వాయువు ఉంటుందని పద్దెనిమిదో శతాబ్దం చివర్లో లావోయిజర్ నమ్మాడు, ఆ నమ్మకంతోనే దానికి ఆ పేరు పెట్టాడు. 1810లో హంఫ్రీ డేవీ ఆ నమ్మకాన్ని కొట్టిపారేశాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉన్నవి హైడ్రోజన్, క్లోరిన్ మాత్రమే, అందులో ఆక్సిజన్ ఊసే లేదు.

ఇప్పుడు మన పిల్లవాడిని చూడండి. జింక్ ముక్కల మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తాడు, బుడగలు వస్తాయి, మండే పుల్లను దగ్గర పెడితే టప్పుమని శబ్దం వస్తుంది. ఏ వాయువు వచ్చిందని అడిగితే, ఆమ్లం నుంచి వచ్చింది కాబట్టి ఆమ్లజని అంటాడు. వచ్చింది హైడ్రోజన్. వాడు పదాన్ని నమ్మాడు, అర్థం ప్రకారమే ఆలోచించాడు. ఇంగ్లిషులో చదివే పిల్లవాడు ఆక్సిజన్ అన్న మాటను విప్పి చూడడు. అది వాడికి ఒక గుర్తు మాత్రమే. అందుకే రెండు వందల ఏళ్ల నాటి పొరపాటు అక్కడ నిద్రపోతోంది. మనం దాన్ని తెలుగులోకి తెచ్చి తట్టి లేపాం. ఇంత జరిగాక కూడా ఆమ్లజని కావాలని పట్టుబట్టేవాళ్లను నేను సమర్థించలేను. ఆక్సిజన్ అని రాయండి, చాలు. ఆస్పత్రిలో సిలిండర్ కోసం పరుగులు తీసే ప్రతి మనిషీ అదే మాట అంటున్నాడు.

మరి నత్రజని? దాన్ని తీసేయమని అనను. అదీ అనువదించిన పేరే, కానీ ఎరువుల కొట్టు దాన్ని బతికించింది. నత్రజని తక్కువైతే ఆకు పసుపు రంగుకు తిరుగుతుందని రైతుకు తెలుసు. భాస్వరమూ అంతే. జింక్ విషయంలో కథ తిరగబడింది. దానికి తుత్తునాగం, యశదం అని పాత పేర్లు ఉన్నాయి. కానీ వరిలో జింకు లోపం అని రైతే అంటున్నప్పుడు తుత్తునాగాన్ని తవ్వి తీయడం ఎందుకు? పైగా తుత్తునాగం లోహం, మైలుతుత్తం రాగి లవణం, పాలతుత్తం జింకు లవణం. వేళ్లు వణుకుతూ సీసా అందుకునే పిల్లవాడికి ఈ మూడూ ఒకేలా వినిపిస్తాయి. మాట ఏ భాషలో పుట్టిందన్నది నాకు ముఖ్యం కాదు, ఇప్పుడు ఎవరి నోట్లో ఉందన్నదే ముఖ్యం.

ఇంటర్ నుంచి అంతా ఇంగ్లిషే కదా, పదోతరగతిలో ఈ పేర్లు నేర్పి రెండుసార్లు కష్టపెట్టడం దేనికి అని అడిగేవాళ్లు ఉన్నారు. సంకేతాలు కూడా ఇంగ్లిషుకే కలుస్తాయి అంటారు. అన్నీ కలవవు. ఇనుము Fe, సోడియం Na, పొటాషియం K, సీసం Pb, పాదరసం Hg. ఇలా ఇంగ్లిషు పేరుతో పొసగని సంకేతాలు పదకొండు ఉన్నాయి. ఐరన్ అని చదివినవాడూ Fe ని బట్టీ పట్టాల్సిందే.

పరికరాల దగ్గరకు వస్తే నా కొలబద్ద వేరు. పేరు వినగానే చేయి సరిగ్గా కదలాలి. బ్యూరెట్, పిపెట్, బీకరు అలాగే ఉండనివ్వండి. వాటిని అనువదిస్తే చేతికి కొత్తగా తెలిసేదేమీ లేదు. మా బడిలో కోనికల్ ఫ్లాస్క్‌ను శంఖాకార కుప్పె అని రాయించేవారు. శంకువుకు ఒక ఒత్తు తగిలి శంఖమైంది. శంఖంలా మెలికలు తిరిగిన గాజుపాత్ర ఏదో ఉంటుందని నేను అల్మారా అంతా వెతికాను. కళ్ల ముందే నున్నటి గరాటును బోర్లించినట్టున్న సీసా ఉంది, అదేనని తట్టలేదు.

అదే ల్యాబ్‌లో ఒక్క తెలుగు మాట నాకు పనికొచ్చింది. బ్యూరెట్‌లో ద్రవం పైభాగం గాజు అంచుల దగ్గర పైకెక్కి మధ్యలో కిందికి వంగుతుంది. నెలవంక అడుగు చూడరా, కన్ను దాని ఎత్తుకే ఉండాలి అన్నారు మా సారు. మరి చెప్పక్కర్లేకపోయింది. మెనిస్కస్ అన్న గ్రీకు మాటకూ చిన్న చంద్రుడనే అర్థం, కానీ ఆ మాట వినగానే చంద్రుడు కనిపించడు. నెలవంక అంటే కనిపిస్తాడు. పర్మాంగనేట్ లాంటి ముదురు రంగు ద్రావణమైతే అడుగు కనిపించదు కాబట్టి పై అంచు చూడాలి. ఆ తేడా కూడా నెలవంక అన్నాకే సులువుగా బుర్రకెక్కుతుంది.

అసలు మన రసాయనశాస్త్ర నిఘంటువు కమిటీ గదుల్లో లేదు. కంసాలి కుంపటి దగ్గర, మూలికల కొట్టులో, పొలం గట్టున ఉంది. క్రూసిబుల్‌ను కంసాలి మూస అంటాడు. బంగారం అతికేటప్పుడు వాడే వెలిగారమే బోరాక్స్. ఇనప మేకు ప్రయోగంలో చివరికి మిగిలే లేత ఆకుపచ్చ లవణానికి మూలికల కొట్టులో పేరు అన్నభేది. మైలుతుత్తంలో ఇనుము వేస్తే రాగి బయటపడి అన్నభేది తయారవుతుంది. ఈ ఒక్క వాక్యంలో ప్రయోగమంతా ఉంది, ఒక్క పదం కూడా కొత్తగా పుట్టించాల్సిన పని పడలేదు. ఇలాంటి పేర్లున్న వృత్తులవాళ్లను పదకోశాలు రాసేటప్పుడు కూర్చోబెట్టి అడగకపోవడం మనం చేసిన పెద్ద నష్టం. వెతుకులాట సంస్కృత ధాతువుల దగ్గర మొదలైంది, బజారు దాకా రాలేదు.

వచ్చే ఏడాది ల్యాబుల్లో సీసాల మీద మూడు వరసలు రాయండి. పైన CuSO₄·5H₂O, దాని కింద కాపర్ సల్ఫేట్, దాని కింద మైలుతుత్తం. పక్కనే ఎర్ర అక్షరాలతో విషం అని కూడా. రికార్డు పుస్తకంలో పిల్లవాడు సంకేతం సరిగ్గా రాసి పక్కన మైలుతుత్తం అంటే, దిద్దే మాస్టారు ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేయకూడదు.