స్టాండింగ్ సీమ్ అయితే ఎంత పొడవైనా వేయొచ్చా?

షెడ్డుకో గోదాముకో రేకుల కప్పు వేయించబోయేవాళ్ల మధ్య తిరుగుతున్న సందేశం ఇది:

"స్క్రూ షీట్లు వేయించి డబ్బు నీళ్లలో పోసుకోకండి. స్క్రూ దిగిన ప్రతిచోటా కన్నమే, రెండు వానాకాలాలు పోతే కారడమే. స్టాండింగ్ సీమ్‌లో ఒక్క కన్నం ఉండదు. చూరు నుంచి రిడ్జ్ దాకా ఒకటే షీట్, ఎంత పొడవైనా ఫర్వాలేదు. పాత షీట్లు ఊడదీసి అవే పర్లిన్ల మీద వేసేయొచ్చు. మళ్లీ జన్మలో పైకి ఎక్కే పని లేదు."

స్క్రూ షీటును పైనుంచి కన్నం చేసి కింది పర్లిన్‌కు, అంటే రేకును మోసే అడ్డ ఉక్కు దూలానికి బిగిస్తారు. స్టాండింగ్ సీమ్‌లో షీట్ల అంచులను పైకి లేపి ఒకదానితో ఒకటి మడిచి, లోపల దాగిన క్లిప్పులతో పట్టి ఉంచుతారు. రిడ్జ్ అంటే రెండు వాలులు కలిసే కప్పు శిఖరం.

ముందు స్క్రూల సంగతి. రెండేళ్లకే కారే రేకుల షెడ్లు ఉన్నమాట నిజమే. అయితే అక్కడ దోషం కన్నానిది కాదు, ఎక్కువసార్లు వాషర్‌ది. స్క్రూ తల కింద నల్లగా కనిపించే రబ్బరు అసలైన ఈపీడీఎం అయితే మన ఎండల్లో కూడా ఏళ్ల తరబడి మెత్తగానే ఉంటుంది. దాని బదులు చవక రబ్బరో పీవీసీయో పెడితే కొద్ది వేసవుల్లోనే ఎండి పగుళ్లిస్తుంది. రెండో దోషం బిగింపుది. బిగింపు చాలనగానే ఆపే క్లచ్‌ను డ్రిల్‌కు సెట్ చేయకుండా నొక్కితే వాషర్ బయటికి ఉబ్బి చిట్లుతుంది, రేకులో పైకి లేచిన గట్టు మీద వేసిన స్క్రూ అయితే రేకే సొట్టపడి అక్కడ నీళ్లు నిలుస్తాయి. వంకరగా దిగిన స్క్రూకు ఒక పక్క వాషర్ ఆననే ఆనదు. సరిగ్గా బిగిసినదాన్ని గుర్తుపట్టడం తేలిక: తల కింది టోపీ అంచు చుట్టూ రబ్బరు సన్నగా, సమానంగా కనబడుతుంది.

డాబా మీద ఆరు మీటర్ల వాలున్న రేకుల షెడ్డుకైతే స్క్రూ షీటే సరైనది. అంత పొడవు ఉక్కు రేకు ఏడాదిలో అత్యంత చలికీ అత్యంత వేడికీ మధ్య సాగేది నాలుగు మిల్లీమీటర్లు. స్క్రూ కన్నంలోని కాస్త సందూ, పర్లిన్ కొద్దిగా ఒరగడమూ కలిసి దాన్ని మింగేస్తాయి. రేపు కొబ్బరిబోండం పడి ఒక షీటుకు చిల్లు పడినా ఆ ఒక్కటీ విప్పి మార్చుకోవచ్చు. స్టాండింగ్ సీమ్‌లో షీట్లు ఒకదానికొకటి మెలిపడి ఉంటాయి కాబట్టి మధ్యలోది తీయడం పెద్ద పని.

స్క్రూ షీటు నిజంగా ఓడిపోయేది పొడవు దగ్గర. ఇక్కడ చాలామంది ఫ్యాబ్రికేటర్లు కూడా పొరపడే విషయం ఒకటుంది. "మేం పొడవు షీట్లు వేయం, పది మీటర్ల ముక్కలు ఓవర్‌లాప్ చేస్తాం, మాకు ఆ బాధ లేదు" అంటారు. పై ముక్కనూ కింది ముక్కనూ కలిపి ఒకే స్క్రూ పర్లిన్‌లోకి దింపాక అవి రెండు ముక్కలుగా కదలవు. నాలుగు ముక్కలు అలా కలిపితే అది నలభై మీటర్ల షీటే. చూరు దగ్గరా రిడ్జ్ దగ్గరా ఉన్న స్క్రూల మీద రోజూ లాగుడూ తోపుడూ పడుతుంది. ఐదున్నర మిల్లీమీటర్ల స్క్రూ చుట్టూ అర మిల్లీమీటరు మందం రేకు క్రమంగా కోసుకుపోయి, గుండ్రటి కన్నం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. వాషర్ ఆ పొడవును కప్పలేని రోజున కారడం మొదలవుతుంది. చివరి రెండు మూడు వరసల స్క్రూ తలలు అన్నీ వాలు వెంబడే ఒరిగి ఉంటే, మధ్య వరసలు నిటారుగా ఉంటే, కారణం ఇదే. ఇలాంటిచోట స్క్రూ మార్చి సిలికాన్ పూస్తే పని జరిగినట్టు ఉంటుంది కానీ మరుసటి వేసవికి మళ్లీ మొదటికొస్తుంది.

కన్నాలే లేవన్న మాటకు పెద్ద చర్చ అక్కర్లేదు. వాలు మధ్యలో ఉండవు, నిజం. చూరు దగ్గర ఉంటాయి, రిడ్జ్ దగ్గర ఉంటాయి, కప్పు పక్క అంచున, గేబుల్ గోడ మీద వేసే ట్రిమ్ పట్టీ దగ్గర ఉంటాయి, పైపు బయటికొచ్చినచోట, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూర్చునే కర్బ్ దగ్గర, స్కైలైట్ చుట్టూ ఉంటాయి. ఈ కప్పులు కారేది కూడా అక్కడే.

ఇక అసలు తగాదా "ఎంత పొడవైనా" అన్న మాటతో. స్టాండింగ్ సీమ్‌కు ఉన్న గొప్పతనం కన్నం లేకపోవడం కాదు, కదలనివ్వడం. పర్లిన్‌కు క్లిప్ అడుగు భాగం బిగిస్తారు. దాని మీద జారే నాలుక షీట్ అంచు మడతలో చిక్కుకుని ఉంటుంది. షీట్ సాగినా ముడుచుకున్నా నాలుక దానితోపాటు జరుగుతుంది. ఆ నాలుకకు ఉన్న జరుగుడు ఎంతో, షీట్ పొడవుకు హద్దు అంత. ఈ రకం క్లిప్పుకు హద్దు లేదనడానికి వీల్లేదు.

ఒక లెక్క చేసి చూద్దాం. గుంటూరు వైపు ఎనభై మీటర్ల వెడల్పు గోదాం, మధ్యలో రిడ్జ్, ఇరువైపులా నలభై మీటర్ల వాలు, ముదురు రంగు ఉక్కు షీట్. జనవరి తెల్లవారుజామున షీట్ 15 డిగ్రీలకు దిగుతుంది, మే మధ్యాహ్నం 70 డిగ్రీలకు ఎక్కుతుంది అనుకోండి. గాలి ఉష్ణోగ్రత వేరు, ఎండలో ఉన్న రేకు ఉష్ణోగ్రత వేరు. ఉక్కు ఒక డిగ్రీకి ప్రతి మిల్లీమీటరుకు 0.000012 మిల్లీమీటర్లు సాగుతుంది.

0.000012 × 40,000 × 55 = 26.4 మి.మీ.

షీటును చూరు దగ్గర గట్టిగా బిగించారు కాబట్టి కదలిక మొత్తం రిడ్జ్ వైపు పోగవుతుంది. క్లిప్ నాలుకకు ఇటు ఇరవై, అటు ఇరవై, మొత్తం నలభై మిల్లీమీటర్ల జరుగుడు ఉంది. ఇరవై ఆరుకు నలభై, బోలెడు ఉందనిపిస్తుంది. కానీ షీట్లు పరిచింది మే నెల మధ్యాహ్నం. అప్పటికే షీట్ 62 డిగ్రీల మీద ఉంది. అక్కడి నుంచి అది ఇంకా సాగేది ఎనిమిది డిగ్రీల మేరే, అంటే నాలుగు మిల్లీమీటర్లకు లోపు. ముడుచుకోవాల్సింది మాత్రం నలభై ఏడు డిగ్రీల మేర, అంటే ఇరవై రెండున్నర. కుర్రాళ్లు అలవాటుగా నాలుకను సరిగ్గా మధ్యలో పెట్టి, మడత బిగించే సీమింగ్ మెషిన్ నడిపేస్తే, జనవరి చలికి రిడ్జ్ దగ్గరి నాలుకలు ఇరవై మిల్లీమీటర్లకే చివర తగిలి ఆగిపోతాయి. మిగిలిన రెండున్నర మిల్లీమీటర్లను క్లిప్ స్క్రూ భరించాలి, లేదా మడత భరించాలి. అదే క్లిప్పులో నాలుకను మొదట్లోనే రిడ్జ్ వైపుకు ఆరేడు మిల్లీమీటర్లు జరిపి పెట్టి ఉంటే ఏ ఇబ్బందీ లేదు. క్లిప్ అదే, షీట్ అదే, పరిచిన వేళ చూసుకోలేదంతే.

అదే షీట్ అల్యూమినియం అయితే లెక్క దాదాపు రెట్టింపు అవుతుంది. ఉక్కుకు గీసిన డ్రాయింగ్ పెట్టుకుని అల్యూమినియం ఆర్డర్ ఇచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రిడ్జ్ సంగతి ఇంకా ఉంది. చలికి రెండు వాలుల షీట్లూ చెరోవైపు ఇరవై రెండున్నర మిల్లీమీటర్లు కిందికి జారితే రిడ్జ్ దగ్గర సందు నలభై ఐదు మిల్లీమీటర్లు పెరుగుతుంది. మామూలు రిడ్జ్ క్యాప్‌ను రెండువైపులా రివెట్లతో బిగిస్తే ఆ రివెట్లే తెగుతాయి. ఇంత పొడవుకు మధ్యలో మడత విచ్చుకునే రిడ్జ్ క్యాప్ కావాలి. కొటేషన్లో ఈ లైను ఉందో లేదో చూస్తే ఆ కాంట్రాక్టరుకు పని తెలుసో లేదో తేలిపోతుందని నా నమ్మకం.

కదిలే షీటును తెలియక మేకుకొట్టినట్టు కట్టిపడేయడం ఇంకా మామూలు తప్పు. చూరు దగ్గర సరిగ్గానే బిగించి, గాలికి లేస్తుందేమోనని రిడ్జ్ దగ్గర కూడా పర్లిన్‌లోకి నాలుగు స్క్రూలు దింపుతారు. గేబుల్ ట్రిమ్‌ను ఒక పక్క షీటుకూ ఇంకో పక్క గోడకూ బిగిస్తారు. వెంట్ పైపు పట్టీని కింద పర్లిన్‌కూ పైన షీటుకూ కలిపేస్తారు. అలా రెండుచోట్ల కట్టిన షీటులో ఎంత బలం పుడుతుందో చూడండి. అర మిల్లీమీటరు మందం, మీటరు వెడల్పున్న ఉక్కు రేకును ఏమాత్రం కదలనివ్వకుండా ముప్పై డిగ్రీలు వేడెక్కిస్తే లెక్క ప్రకారం మూడున్నర టన్నులకు పైగా తోపు వస్తుంది. నిజానికి అంత దాకా పోదు, పలచటి రేకు ముందే ఉబ్బిపోతుంది లేదా స్క్రూ కన్నం సాగిపోతుంది. పొద్దున ఎండెక్కగానే, సాయంత్రం వాన పడగానే కప్పు మీద తుపాకీ పేలినట్టు పెద్ద చప్పుడు వస్తుంటే ఎక్కడో షీట్ పట్టుబడి ఒక్కసారిగా విడివడుతోందని అర్థం. చిన్న టకటకలు మామూలే, వాటికి భయపడక్కర్లేదు.

పాత పర్లిన్ల మీదే వేసేయొచ్చన్న సలహా మొత్తం సందేశంలోకెల్లా ప్రమాదకరమైంది. స్క్రూ షీట్ నీళ్లు ఆపడమే కాదు, ప్రతి గట్టు దగ్గరా పర్లిన్ పై అంచును పట్టి ఉంచుతుంది. బరువు పడినప్పుడు ఆ పై అంచు నొక్కుడుకు గురై పక్కకు వంగబోతుంది, షీట్ దాన్ని ఆపుతుంది. డిజైనర్ ఆ పట్టును లెక్కలోకి తీసుకునే పలచటి జెడ్ పర్లిన్ ఎంచుకుని ఉంటాడు. జారే క్లిప్పుల మీద షీట్ వేస్తే ఆ పట్టు చాలావరకు పోతుంది. అదే పర్లిన్, అదే దూరం, కానీ మోయగల బరువు తగ్గిపోతుంది. పర్లిన్లు పక్కకు వంగకుండా పట్టే సాగ్ రాడ్లు పెంచాలా, బ్రేసింగ్ కలపాలా అన్నది ఇంజనీరు మళ్లీ లెక్కవేసి చెప్పాల్సిందే.

గాలి లెక్క కూడా మారుతుంది. స్క్రూ షీటును ప్రతి గట్టు దగ్గరో రెండో గట్టు దగ్గరో పట్టి ఉంచితే, స్టాండింగ్ సీమ్‌ను పట్టేది అర మీటరుకు ఒకటిగా వచ్చే మడతల దగ్గర క్లిప్పులే. గాలి బలాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖకు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. కప్పు మూలల్లో, అంచుల్లో పైకి లాగే బలం మధ్యలో కంటే చాలా ఎక్కువ. అందుకే అక్కడ క్లిప్పులు దగ్గరదగ్గరగా రావాలి, అవసరమైతే పర్లిన్లు కూడా. పాత పర్లిన్ దూరాలు దీనికి సరిపడతాయని ఎవరూ కళ్లతో చూసి చెప్పలేరు.

చివరిది, మళ్లీ పైకి ఎక్కే పని లేదన్న మాట. కనీసం మొదటి ఏడాది రెండుసార్లు ఎక్కించండి: ఒకసారి జనవరి తెల్లవారుజామున, ఒకసారి మే మధ్యాహ్నం. రిడ్జ్ క్యాప్ కొద్దిగా తెరిచి, షీట్ చివర ఎక్కడుందో దాని కింది స్థిరమైన ఉక్కు మీద మార్కర్‌తో గీత పెట్టించండి. నలభై మీటర్ల షీటుకు ఆ రెండు గీతల మధ్య పాతిక మిల్లీమీటర్ల చుట్టుపక్కల దూరం రావాలి. రెండు గీతలూ దాదాపు ఒకేచోట పడితే వాన కోసం ఎదురుచూడకుండా, ఆ షీటును రెండోచోట ఎవరు స్క్రూ వేసి కట్టేశారో వెతికించండి.