దగ్గరికొచ్చి ఫోన్ చెయ్యి

మన ఊళ్ళలో అడ్రస్ అడిగితే వచ్చే జవాబు ఒకటే. "అడ్రస్సెందుకు సామీ, దగ్గరికొచ్చి ఫోన్ చెయ్యి." ఇంత మర్యాదగా మనిషిని ఎండలో నిలబెట్టే మాట ఇంకోటి లేదు. ఎవరికి దగ్గర? ఎంత దగ్గర? అలిపిరి కాడికొస్తే దగ్గరా, వీధి మొగదలకొస్తే దగ్గరా? చెప్పరు. వాళ్ళ ఇంటి నంబరు వాళ్ళకే గుర్తులేదని ఒప్పుకోవడానికి మొహమాటం, అంతే.

పోయిన నెల మా చిన్నాయన కూతురి పెళ్ళికి తిరుపతిలో కార్డులు పంచే పని నాకూ, మా బావకూ పడింది. 40 కార్డులు, ఒక స్కూటరు, ఒక సంచి. నేను తెలివిగా ముందురోజే ఫోన్లో నెట్ లేకుండా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్‌లో మన ప్రాంతం మ్యాపు దించి పెట్టుకున్నాను. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, ఉపగ్రహాల సంకేతం చాలు. నెట్ లేకపోతే మొదట్లో ఆ నీలం చుక్క కుదురుకోవడానికి కొంచెం సేపు ఆరుబయట నిలబడాలి. "దానికంటే నా నోరు నయం, నాలుగిళ్ళు అడిగితే సరి" అన్నాడు బావ. సాయంత్రానికి ఇద్దరి పరువూ సమానంగా పోయింది.

మొదటి కార్డు మీద ఇట్లా ఉంది: 12-3-47/బి, శ్రీనివాస నిలయం, వాటర్ ట్యాంకు వెనక.

శ్రీనివాస నిలయం అంట. తిరుపతిలో! ఆ వీధిలోనే అయిదు కనబడ్డాయి, ఒకటి శ్రీ శ్రీనివాస నిలయం, ఇంకోటి న్యూ శ్రీనివాస నిలయం. పోనీ ట్యాంకు పట్టుకుందామంటే, ట్యాంకు గుండ్రంగా ఉంది. గుండ్రటి ట్యాంకుకు వెనక ఏది? ఇది నిజంగా ఆలోచించాల్సిన విషయం. ఇస్త్రీ బండి ఆయన తూర్పు చూపించాడు, పూలమ్మే అక్క పడమర చూపించింది, ఇద్దరూ నిజమే చెప్పారు. ఎవరు ఏ రోడ్డు మీద నుంచి వస్తారో వాళ్ళకు అది ముందు, అవతలిది వెనక. అందుకే ఎవరైనా "వెనక" అంటే, యాడ నుంచి వస్తే వెనక అని వెంటనే అడగాలి. అడిగితే కోపమొస్తుంది వాళ్ళకి.

సరే, నంబరు. పాపం దానిలో అర్థం ఉంది. 12 వార్డు, 3 ఆ వార్డులో బ్లాకు, 47 ఇల్లు, బి అంటే ఆ నంబరును తర్వాత ముక్కలు చేశారని. కాకపోతే ఆ 12 నంబర్లేసిన నాటి వార్డు. ఆ తర్వాత వార్డుల హద్దులు మారినా, గోడ మీద 12 అట్లాగే ఉండిపోయింది. కాబట్టి "పన్నెండో వార్డు ఏది?" అని అడిగితే కొత్త వార్డు చూపించి మనల్ని ఊరి అవతలికి పంపిస్తారు. పద్ధతి ఏందంటే, పక్కపక్కనున్న రెండిళ్ళ నంబర్లు చదవాలి, పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా చూసుకోవాలి, మధ్య అంకె మారితే బ్లాకు దాటామని వెనక్కి తిరగాలి. 43, 44, 45, బాగానే వస్తా ఉంది, ఆ తర్వాత 46, 46/1, 46/2, తర్వాత ఏకంగా 118. అప్పుడు ఖాళీ స్థలం, తర్వాతెప్పుడో ఇల్లు కట్టారు, అప్పటికి వరసలో ఏ నంబరు నడుస్తుంటే అది ఇచ్చారు. 118 దాటి పోతే 47 ఉండాలి కదా. ఉంది. ఆ ఇంటాయన బయటికొచ్చి "మాది ప్లాటు నంబరు 47 నాయనా, డోర్ నంబరు వేరే" అన్నాడు. లేఅవుట్ వేసినోడు ఇచ్చిన నంబరును గేటు మీద పెట్టుకున్నాడు మహానుభావుడు.

ఆ గోడ మీద ఇంకా ఏమేమున్నాయో చూడండి. జనాభా లెక్కల వాళ్ళు రాసిన నంబరు, పోలియో చుక్కల వాళ్ళు సుద్దతో గీసిన గుర్తు, కరెంటు మీటరు మీద సర్వీసు నంబరు, ఎవరిదో టులెట్ ఫోన్ నంబరు. డోర్ నంబరు తప్ప అన్నీ ఉన్నాయి.

ఇక ఓడిపోయి, కార్డు ఇవ్వాల్సిన పెద్దాయనకే ఫోన్ చేసి లొకేషన్ పంపమన్నాం. పంపాడు. అసలు కథ ఇక్కడే. పిన్ను ఇంటి నడిమధ్యన పడింది. మ్యాపుకు గేటు ఎటుందో తెలియదు, పిన్నుకు ఏ రోడ్డు దగ్గరో ఆ రోడ్డుకే తీసుకుపోతుంది. మమ్మల్ని వెనక సందులోకి తీసుకుపోయి, చేరుకున్నారని చెప్పి చేతులు దులుపుకుంది. ఎదురుగా ఆరడుగుల గోడ. పైన డాబా మీద నుంచి ఆయన చెయ్యి ఊపుతున్నాడు.

"వచ్చినారా? రాండి రాండి!"

"యాడ నుంచి రావాల పెద్దాయనా?"

"అట్లే ముందుకొచ్చి ఎడమకు తిరగండి."

ఆయన ఎడమా, మా ఎడమా ఒకటి కాదు. ఆయన మా వైపు తిరిగి ఉన్నాడు. మేం మా ఎడమకు పోయి పాలకేంద్రం దగ్గర తేలాం, మళ్ళీ వచ్చి అదే గోడ కింద నిలబడ్డాం. కాఫీ వాసన మాత్రం వస్తోంది. మా బావ కార్డు పైకి విసిరేద్దామన్నాడు. అక్షింతలు కూడా విసిరెయ్యమన్నాను.

ఆయన సోఫాలో కూర్చుని కాకుండా గేటు ముందు నిలబడి, మ్యాపులో చుక్క చుట్టూ ఉన్న వలయం చిన్నదయ్యేదాకా ఆగి పంపి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. ప్రతి చోటుకూ మ్యాపు ఇచ్చే అక్షరాల గుర్తు, ప్లస్ కోడ్ అయినా సరిపోయేది, నెట్ లేకుండానే పనిచేస్తుంది. తిరుపతికీ చిత్తూరుకూ దాంట్లో మొదటి నాలుగు అక్షరాలూ ఒకటే, 7J5X. మొత్తం పది అక్షరాలు చెబితే సుమారు 14 మీటర్ల చదరం వస్తుంది. 30 అడుగుల ముఖం ఉన్న స్థలాలైతే ఒకటిన్నర ఇల్లు. అంటే వీధి దాకా గ్యారంటీ, గేటు దాకా కాదు. మూడంతస్తుల ఇళ్ళ మధ్య ఇరుకు సందులో సంకేతం గోడలకు తగిలి ఆ చుక్క పక్క వీధిలోకి కూడా దూకుతుంది. చివరి పది అడుగులకు గోడ మీద రాసిన నంబరే దిక్కు. ఎంత మ్యాపు దించుకున్నా, ఆ పెయింటు మనమే వేసుకోవాలి.

వేసుకోం. గేటు పక్కన నల్ల గ్రానైటు, బంగారు అక్షరాలు, ఆయన పేరు, ఆమె పేరు, ఇద్దరి డిగ్రీలు, దానికి వేలు పోస్తాం. కింద ఆ నాలుగంకెలు చెక్కడానికి చోటు లేదంట! మా వీధిలో పోయినేడు రాత్రి రెండు గంటలకు ఒకాయనకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్స్ వచ్చింది, వీధి మొదట్లో ఆగి హారన్ కొడుతోంది, ఏ ఇల్లో తెలియదు. ఫోన్ చేయాల్సిన మనిషి పడిపోయి ఉన్నాడు, ఆయన భార్య చేతులు వణికి ఫోను పట్టుకోలేకపోతోంది. ఎవరికి ఫోన్ చెయ్యాల దగ్గరికొచ్చి? మా పిల్లోడు లుంగీతో పరిగెత్తి లైటు ఊపితే గానీ బండి లోపలికి రాలేదు. ఆయన బతికాడు. మర్నాడు పోయి వాళ్ళ గోడకు నంబరు రాయమని చెబితే, "సంక్రాంతికి సున్నం కొట్టేటప్పుడు చూస్తాంలే" అన్నారు. సంక్రాంతి వచ్చింది, సున్నం కొట్టారు, మసకగా ఉన్న పాత నంబరు కూడా పోయింది. వీళ్ళని ఏమనాల?

39 కార్డులు ఇచ్చాం. నలభయ్యోది మా అమ్మ వైపు మామది. అడ్రస్ అడిగితే ఆయన కూడా ఆ మాటే అన్నాడు. దగ్గరికొచ్చాం, చేశాం, స్విచాఫ్. గంటసేపు ఆ కాలనీలో తిరిగాం. పెళ్ళయి పన్నెండు రోజులైంది, కార్డు ఇంకా మా టీవీ పక్కనే ఉంది. ఇంటికొచ్చి పిలవలేదని ఆయన అలిగినాడంట.