సమ్మయ్య ఎక్కడున్నా రావలెను

మేడారం జాతరలో మనిషి తప్పిపోతే భయపడాల్సిన పని లేదు, మైకులో పిలిస్తే వచ్చేస్తాడు అంటారు. ఆ మనిషి పేరు సమ్మయ్య అయితే మాత్రం కాస్త భయపడాలి. సమ్మక్క, సారలమ్మలకు మొక్కుకున్నాక పుట్టిన పిల్లలకు ఆ తల్లుల పేర్లే పెట్టుకోవడం వరంగల్ వైపు ఎప్పటినుంచో ఉంది. సమ్మయ్య, సారయ్య, సమ్మక్క, సారక్క లేని ఊరు ఆ చుట్టుపక్కల దొరకదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో ఈ పేర్లన్నీ ఒకే అడవిలోకి వచ్చి చేరతాయి.

మా మేనమామ పేరు సమ్మయ్య. గురువారం పొద్దున జంపన్న వాగులో స్నానం చేసి, తలనీలాలిచ్చి వస్తానని వెళ్లాడు. తడుస్తుందని ఫోను అత్త సంచిలో పడేసి మరీ వెళ్లాడు. గంట దాటినా రాలేదు. అత్త, నేను మైకు షెడ్డుకు వెళ్లాం.

అక్కడ ఒక బల్ల, దాని మీద ఆంప్లిఫయరు, పక్కనే బెంచీ మీద బిస్కెట్లు తింటూ నలుగురైదుగురు తప్పిపోయిన పిల్లలు ఉన్నారు. పిల్లల మొహాల్లో ఏ టెన్షనూ లేదు. మైకు పట్టుకున్న కుర్రాడు చీటీ, పెన్నూ తీశాడు.

"పేరేందమ్మా?"

"మా పెద్దోని నాయిన," అంది అత్త.

"మీ పెద్దోని నాయిన పేరు?"

"జాతర పేరే."

అరవై ఏళ్లొచ్చినా మొగుడి పేరు నోటితో చెప్పని తరం ఆమెది. నేను చెప్పాను. అంతమందిలో పేరు బయటపెట్టినందుకు నా వంక కోపంగా చూసింది. మిగతా గుర్తులు మాత్రం తనే చెప్పింది. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెడలో ఎర్ర తువాల, నెరిసిన జుట్టు, మీసాలు. తలనీలాలు ఇవ్వడానికి వెళ్లిన మనిషికి జుట్టు ఎట్లా ఉంటుందని ఆ హడావుడిలో ఎవరికీ తట్టలేదు.

కుర్రాడిది మంచి గొంతు. ఆ సంగతి అతనికీ తెలుసు. "భక్త మహాశయులకు విజ్ఞప్తి! సమ్మయ్య గారూ, మీ సతీమణి మీకోసం ఇక్కడ ఎదురుచూస్తున్నారు. తెల్ల పంచె ధరించి, నెరిసిన జుట్టుతో ఉన్న సమ్మయ్య గారు ఎక్కడున్నా తక్షణమే ఇక్కడికి రావలెను!"

హారన్లు వాగు పొడవునా స్తంభాలకు కట్టి ఉన్నాయి. ఏ స్తంభం కింద నిలబడినవాడికి ఆ స్తంభమే 'ఇక్కడ'. కొబ్బరికాయల కొట్టు పక్కన హారన్ కింద ఇద్దరు సమ్మయ్యలు చాలాసేపు పైకి చూస్తూ నిలబడ్డారని తర్వాత తెలిసింది.

షెడ్డు దొరకబుచ్చుకున్నవాళ్లు మాత్రం ఒక్కొక్కరే వచ్చారు. మొదటాయన చెమటలు కక్కుతూ వచ్చి అత్తను చూసి, "నా పెండ్లాం ఇంటికాడనే ఉన్నది గదా, ఈమె ఎవరు?" అన్నాడు. రెండో ఆయన అత్తను చూడగానే ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయాడు. మూడో ఆయన భార్య నిజంగానే తప్పిపోయింది. ఆమె పేరూ సారక్కే, మా అత్త పేరూ సారక్కే. ఆయన తన చీటీ రాయించుకుని బెంచీ చివర పిల్లల పక్కన కూర్చుని ఒక బిస్కెట్టు తీసుకున్నాడు.

రెండోసారి చెప్పేటప్పుడు కుర్రాడికి అవే మాటలు మళ్లీ చెప్పడం నచ్చలేదు. పంచె ధోవతి అయింది. సమ్మయ్య గారు 'ఒక వృద్ధుడు' అయ్యాడు. "ముసలోడెవడు?" అని అత్త లేచింది. బయట జనం, పాపం ఇంకో ముసలాయన కూడా తప్పిపోయాడట అని జాలిపడ్డారు.

అప్పుడే టీ తాగి వచ్చాడు అసలు మైకాయన. ఏళ్ల తరబడి జాతర జాతరకూ మైకు పట్టే మనిషట. చీటీ చూసి, కుర్రాడిని చూసి, "నెత్తి నెరిసిందా? గుండు గీకించుకోవడానికే గదరా పోయింది," అని ఆ ముక్క కొట్టేశాడు. గుండు అని రాద్దామంటే వాగు ఒడ్డున సగం మంది గుండ్లే.

"ఏ ఊరు తల్లీ?"

"నర్సంపేట."

"ఇది ముందు చెప్పాలె," అని మైకు నోటికి బెత్తెడు దూరంలో పట్టుకున్నాడు. దగ్గర పెట్టుకుంటే గొంతు పెద్దదవుతుంది గానీ మాట పగిలిపోతుందట. గొంతులో విజ్ఞప్తీ లేదు, మహాశయులూ లేరు.

"నర్సంపేట." ఆగాడు. "నర్సంపేట సమ్మయ్య." మళ్లీ ఆగాడు. "నర్సంపేట సమ్మయ్య. మెడల ఎర్ర తువాల. భార్య పేరు సారక్క. జంపన్న వాగు వంతెన పక్కన, పచ్చ జెండా షెడ్డు. దూరముంటే, గద్దెల కాడి మైకు షెడ్డు."

ఒక గుక్క నీళ్లు తాగి, అక్షరం మార్చకుండా మళ్లీ అదే చెప్పాడు. మూడోసారీ అదే.

నా ఆసక్తి చూసి ఆయనే విప్పి చెప్పాడు. మొదటి మాట ఎవరూ వినరు. బెల్లం బేరంలోనో, పిల్లల గొడవలోనో ఉంటారు. ఊరి పేరు చెవిన పడితే ఆ ఊరివాళ్లు మాత్రం తల తిప్పుతారు, అందుకే అసలు మాట ఆ తర్వాత. మధ్యలో ఆగడం హారన్ల కోసం. శబ్దం సెకనుకు 340 మీటర్లే పోతుంది. అంత దూరంలో ఉన్న హారన్ మాట, పక్కనున్న హారన్ కంటే సెకను ఆలస్యంగా వస్తుంది. గడగడా చదివితే ముందు మాట తోక మీద వెనక మాట తల పడి రెండూ పోతాయి. "కుర్రోడు చదివింది వాగవతల మనిషికి 'సమ్మ సతీ మయ్య మణి' అని వినబడి ఉంటది," అన్నాడు. ఇక మాట మార్చకపోవడం దేనికంటే, సగం విన్నవాడు రెండోసారి మిగతా సగం పట్టుకుంటాడు. మారిస్తే రెండు సగాలూ అతకవు.

ఇంతలో ఒకామె ఏడుస్తూ వచ్చి బెంచీ మీది పిల్లాడిని చూపించింది. మైకాయన వెంటనే ఇవ్వలేదు. "వాని మొలతాడుకు ఏముందమ్మా?" అని అడిగాడు. "రాగి పైస," అంది. చూస్తే ఉంది. పిల్లల విషయంలో ఒక గుర్తు మైకులో చెప్పకుండా దాచుకుంటాడట, ఎవరు పడితే వాళ్లు వచ్చి నా బిడ్డే అంటే ఇచ్చేయకుండా.

కాసేపటికి గద్దెల దగ్గరి షెడ్డు నుంచి వాకీటాకీలో కబురు వచ్చింది. నర్సంపేట సమ్మయ్యలు ముగ్గురు వచ్చారు. ముగ్గురికీ గుండ్లు, ఎర్ర తువాలలు. ముగ్గురి భార్యలూ సారక్కలే. ఎవరిని పంపాలి?

మైకాయన అత్తను ఎగాదిగా చూశాడు. జాతర కోసమే కొన్న కొత్త చీర, వంకాయ రంగు, ఈ మూల నుంచి ఆ మూలకు కనబడే జరీ అంచు.

"ఈమె చీర సంగతి మనం మైకుల చెప్పలే. పొద్దున మీ ఆవిడ ఏ రంగు చీర కట్టిందో ముగ్గురినీ అడగండి," అన్నాడు వాకీటాకీలోకి.

అవతల గరగర. కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు.

"ఒకాయన పసుపు అంటున్నడు. ఇంకొకాయన ఆకుపచ్చ, ఎర్ర అంచు అంటున్నడు."

"మూడో ఆయన?"

"చీరనే కట్టింది, రంగు సూడలే అంటున్నడు."

అత్త లేచి సంచీ భుజానికి వేసుకుంది.

"ఆయనే. ఆడనే కూసోబెట్టుండ్రి, నేనొస్తున్న."