క్లయింటు ముందు రెట్రో పెట్టాలట!

“స్ప్రింట్ చివర రెండు మీటింగులు దండగ. డెమో, రెట్రో కలిపి గంటలో ముగించండి. క్లయింటు, మేనేజరు కూడా ఉంటే అంతా పారదర్శకం. డెమోలోనే స్టోరీలకు సైనాఫ్ తీసుకోండి. రెట్రోకి ప్రొడక్ట్ ఓనర్ అక్కర్లేదు.”

ఈ వారం ఈ సలహా నాలుగో గ్రూపులో కనిపించింది. చివరిది ముందే తేల్చేద్దాం. ప్రొడక్ట్ ఓనర్ స్క్రమ్ టీమ్‌లో మనిషే, రెట్రోకి రావాల్సిందే. స్ప్రింట్ మధ్యలో స్టోరీ ఎందుకు మారిందో ఆయన్ని కాక ఎవరిని అడుగుతారు?

సైనాఫ్ అంటారా, స్టోరీ పూర్తయిందో లేదో చెప్పేది టీమ్ ముందే రాసుకున్న షరతుల జాబితా, డెఫినిషన్ ఆఫ్ డన్. అది దాటని స్టోరీని స్ప్రింట్ రివ్యూలో, అంటే వీళ్లు డెమో అంటున్న మీటింగులో, చూపించనే కూడదు, తిరిగి ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్‌లోకి పోవాలి. రివ్యూ అయ్యేదాకా రిలీజ్ ఆపక్కర్లేదని 2020 స్క్రమ్ గైడ్‌లోనే ఉంది. రివ్యూలో తేలాల్సింది ఇకపై ఏం చెయ్యాలన్నది. ఆర్డర్ల పేజీ చూపిస్తుంటే సపోర్ట్ వాళ్లు “పీడీఎఫ్ ఎవరూ అడగట్లేదండీ, తేదీని బట్టి వెతికే వీలు కావాలి” అన్నారనుకోండి. ప్రొడక్ట్ ఓనర్ తేదీ స్టోరీని పైకి జరిపి, పీడీఎఫ్‌ని కిందికి తోస్తారు. క్లయింటూ, వాడేవాళ్లూ అక్కడ ఉండాల్సింది ఇందుకు.

అసలు విషం ఆ “పారదర్శకం” దగ్గరుంది. రెండు వారాల స్ప్రింట్. ఎనిమిది స్టోరీల్లో మూడు మిగిలిపోయాయి. కారణం టీమ్‌లో అందరికీ తెలుసు: పుల్ రిక్వెస్టులు సీనియర్ దగ్గర రెండేసి రోజులు పడి ఉన్నాయి, టెస్టింగ్‌కి చేరేసరికి తొమ్మిదో రోజు. ఎదురుగా క్లయింటు, పక్కన అప్రైజల్ రేటింగ్ ఇచ్చే మేనేజరు. ఈ మాట ఎవరు అంటారు? బోర్డు మీద పడేది ఒకటే చీటీ: “కమ్యూనికేషన్ మెరుగుపరుచుకుందాం.” నిజమే, చాలా పారదర్శకం. అందులో ఏమీ లేదు కాబట్టి అవతలి గోడ కూడా కనిపిస్తుంది.

అదే టీమ్ ఒక్కటే కూర్చుంటే, ఒక్కో కార్డు కోడ్ రివ్యూ కాలమ్‌లో ఎన్ని రోజులుందో లెక్క తీస్తారు. ప్రొడక్షన్ టికెట్లు కూడా తన నెత్తినే పడుతున్నాయని సీనియర్ నోరు విప్పుతాడు. అప్పుడు తేలేవి ఇవీ: పుల్ రిక్వెస్టుని నాలుగు పనిగంటల్లోపు చూడాలి, చూడ్డానికి రెండో మనిషి ఉండాలి. ఆ పని ఒకరి పేరు మీద వచ్చే స్ప్రింట్ బ్యాక్‌లాగ్‌లోకి ఎక్కుతుంది.

గంట సంగతా? నెల స్ప్రింట్‌కి రివ్యూ గరిష్ఠంగా 4 గంటలు, రెట్రో 3. రెండు వారాలకైతే సాధారణంగా ఇంకా తక్కువ పడుతుంది. రెండూ ఒక గంటలో కుక్కితే డెమో యాభై నిమిషాలు తినేస్తుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మూడు స్ప్రింట్లుగా అదే చీటీ బోర్డు మీద వేలాడుతుంటే ఆ రెట్రో నిజంగానే దండగ. అడ్డంకి తీయడం మేనేజరు చేతిలోనే ఉంటే, చివరి పది నిమిషాలకు టీమ్ ఆయన్ని పిలుచుకోవచ్చు. పిలవాల్సింది మాత్రం టీమే.