బ్రౌన్ రంగు చూసి బెదిరిపోయేవాళ్ల కోసం

“రొమ్ము ముక్క ఈఆర్ ఫొటోలో బ్రౌన్ రంగు ఉంటే క్యాన్సర్ ఉన్నట్టే. రంగు ఎంత చిక్కగా ఉంటే జబ్బు అంత ముదిరినట్టు. అంతా నీలంగా ఉంటే భయం లేదు. ఆ రంగు కెమికల్ ఒంటికి మంచిది కాదు. అనుమానముంటే పరీక్ష మళ్ళీ చేయించండి.”

ఈ వారంలో ఈ ఫార్వర్డ్‌ని నాకు పంపినవాళ్లలో మీరు నాలుగోవారు.

కెమికల్ సంగతి ముందు తేల్చేద్దాం. రంగు వేసేది గాజు స్లైడ్ మీదున్న ముక్కకి. అది తిరిగి ఒంట్లోకి పోదు.

ఇక బ్రౌన్. ఈఆర్ అంటే ఈస్ట్రోజన్ రిసెప్టార్, ఈస్ట్రోజన్ హార్మోన్ వచ్చి అతుక్కునే ప్రోటీన్. ముక్క మీద దాన్ని పట్టుకునే యాంటీబాడీ వేస్తారు. ఆ యాంటీబాడీ అతుక్కున్న చోట ఒక ఎంజైము, డీఏబీ అనే రసాయనాన్ని బ్రౌన్‌గా మారుస్తుంది. మిగతా కేంద్రకాలు హెమటాక్సిలిన్ అనే మరో రంగుతో నీలంగా ఉంటాయి. అంటే బ్రౌన్ చెప్పేది రిసెప్టార్ ఉందని, అంతే. జబ్బులేని పాలనాళాల్లోనూ అక్కడక్కడా కణాలు బ్రౌన్‌గానే ఉంటాయి. వాటినీ క్యాన్సర్ అనేద్దామా?

అసలు ప్రమాదం “చిక్కగా ఉంటే ముదిరినట్టు” అన్న మాటలో ఉంది. నిజం దాదాపు తలకిందులు. కణితి కేంద్రకాలు చిక్కగా, ఎక్కువగా బ్రౌన్ అయితే టమాక్సిఫెన్ లాంటి హార్మోన్ మందులు పనిచేసే అవకాశం ఎక్కువ. ఈ ఫార్వర్డ్ చదివినావిడ మంచి రిపోర్టు చేతిలో పెట్టుకుని రాత్రంతా ఏడుస్తుంది.

రంగుని ఊరికే చూడరు, లెక్కేస్తారు. ఆల్‌రెడ్ స్కోరులో నూరు కణితి కేంద్రకాల్లో 40 బ్రౌన్ అయితే సంఖ్యకి 4, రంగు మధ్యస్థంగా ఉంటే 2, మొత్తం 8కి 6. ఇప్పుడు నూటికి 5 మాత్రమే, అవీ లేతగా ఉన్నాయనుకోండి. 2, 1 కలిపి 3. ఫొటో దాదాపు అంతా నీలమే, అయినా అది పాజిటివే. ఎందుకంటే 1 శాతం ఉన్నా చాలు. 1 నుంచి 10 శాతం దాకా ఉంటే “లో పాజిటివ్” అని రాస్తారు, మందు ఇవ్వాలా వద్దా అని డాక్టరు మాట్లాడతారు. మన ఫార్వర్డ్ మహాశయుడు మాత్రం “నీలంగా ఉంది, భయం లేదు” అని సంబరం చేసుకుంటాడు. నిజంగా ఒక్క కేంద్రకమూ బ్రౌన్ కాకపోయినా క్యాన్సర్ లేనట్టు కాదు, హార్మోన్ మందు దారి దాదాపు మూసుకుపోయినట్టు.

అన్నట్టు, కేంద్రకం వదిలేసి చుట్టూ ఉన్న సైటోప్లాజం బ్రౌన్ అయితే ఈఆర్‌లో దాన్ని లెక్కపెట్టరు. ఇక మీరు ఫోన్‌లో జూమ్ చేసి ఏం తేలుస్తారు?

పరీక్ష మళ్ళీ చేయించమన్న చివరి మాట మాత్రం, ఒప్పుకోక తప్పదు, సరైనదే. ముక్కని కోసిన గంటలోపు ఫార్మలిన్‌లో వేసి, 6 నుంచి 72 గంటలు ఉంచాలి. ఆలస్యమైతే రిసెప్టార్ పాడై, ఉన్న రంగు రాకపోవచ్చు. కనిపెట్టడం సులువే: నెగిటివ్ అన్న స్లైడ్‌లో మామూలు పాలనాళాలు కూడా పూర్తిగా నీలంగా ఉంటే తప్పు పరీక్షదే కావచ్చు, ఆ నెగిటివ్‌ని నమ్మలేం. అప్పుడు ముక్కని మైనంలో దాచిన మరో బ్లాకు మీదో, కొత్త ముక్క మీదో మళ్ళీ చేయించమని అడగండి.